నీళ్ళలో మిగిలిన ముఖం

ఫొటోల పనిలో ఆయన్ని అందరూ టచప్ బాబాయి అంటారు. బట్టతల పెళ్ళికొడుక్కి ఆయన ఎంత జుట్టు మొలిపించాడంటే, పెళ్ళినాడు పీటల మీద కూర్చున్నవాణ్ణి చూసి ఆడపెళ్ళివారు “మీ అబ్బాయి ఇంకా రాలేదా?” అని అడిగారట. అబద్ధమైతే ఆయన్నే అడగండి, ఇంకో నాలుగు కలిపి చెబుతాడు.

అలాంటి బాబాయి దగ్గరికి పార్లర్‌లో పనిచేసే అమ్మాయి వచ్చింది. వెంట పార్లర్ యజమానురాలు కూడా ఉంది. బస్టాండు ఎదుట పెట్టబోయే ఫ్లెక్సీ కోసం తీసిన ఫొటోలో, నీళ్ళ తొట్టి ముందు కూర్చుని ఒకావిడ పాదాలు కడుగుతున్నది ఆ అమ్మాయే.

“నా మొహం తీసేయండి బాబాయ్ గారూ. మా ఆయన లారీ ఈ దారినే తిరుగుతోందని తెలిసింది. రెండేళ్ళుగా వెతుకుతున్నాడు. ఈసారి దొరికితే బతకనివ్వడు.”

“మొహం తీసేస్తే మొండెం మిగులుతుందమ్మా. మా మరదలి మొహం పెడతాను. ఎప్పట్నుంచో తను సినిమా తారననే అనుకుంటోంది,” అన్నాడు బాబాయి. యజమానురాలు నవ్వింది. ఆ అమ్మాయి నవ్వలేదు.

బాబాయి పని తెలిసినవాడు. ఫొటోలో పక్కగోడకి నిలువుటద్దం ఉంది. అది చూసేది కెమెరాకి కనబడని రెండో చెంపని. ముందున్న ముఖాన్నే తిరగేసి అందులో అతికిస్తే పనికిరాదు. అందుకే మరదల్ని ఆ పక్కనుంచి కూడా ఫొటో తీసి, అద్దంలో కుడి ఎడమలు మార్చి కూర్చాడు. వెనకనున్న గాజు తలుపులో కనిపించే నీడని వీధిలోని చెట్లు కనబడేంత పలచగా దిద్దాడు. తర్వాత ఎప్పటి అలవాటు ప్రకారం బొమ్మనంతా కుడి నుంచి ఎడమకి తిప్పి చూశాడు. అలా తిప్పితే పాత బొమ్మ కొత్తగా కనబడి తప్పులు పట్టుబడతాయి. ఒక్కటీ పట్టుబడలేదు. ఫైలు ఫ్లెక్సీ కొట్టుకి పంపేశాడు.

మర్నాడు పొద్దున కుర్చీ విరిగితే, టీగ్లాసుతో బల్లకి అవతల, గిరాకీలు కూర్చునే స్టూలు మీద కూర్చున్నాడు. ఆ ఫొటో కాపీ బల్ల మీదే ఉంది. అటునుంచి చూస్తే తలకిందులుగా ఉంది. తొట్టిలోని పూలరేకుల మధ్య నుంచి ఒక ముఖం నిటారుగా ఆయన్ని చూస్తోంది.

అది మరదలిది కాదు.

టీ ఒళ్ళో ఒలికిందని కూడా ఆయనకి తెలియలేదు. నీళ్ళలో ముఖం తలకిందులుగా ఉంటుంది కాబట్టి కన్ను దాన్ని దాటేసింది. నీళ్ళు కింది నుంచి చూస్తాయి, గడ్డం అడుగు కూడా చూపిస్తాయి. దానికి మరదల్ని కిందనుంచి ఇంకో ఫొటో తీయాల్సింది. తీయలేదు. కంప్యూటర్ తెర మీద బఠాణీ గింజంత ఉన్నది పన్నెండడుగుల ఫ్లెక్సీలో పళ్ళెమంత అవుతుంది.

ఫ్లెక్సీ కొట్టుకి ఫోన్ చేశాడు.

“పొద్దున్నే కట్టేశాం బాబాయ్! అదిరిపోయింది!”

బస్టాండుకి పరుగెత్తాడు. యాభై ఏళ్ళలో ఆయన అంత పరుగు తీసింది లేదు. ఫ్లెక్సీ కింద ఖాకీ చొక్కా మనిషి ఒకడు ఫోన్‌లో దాన్ని ఫొటో తీసుకున్నాడు. ఫోన్‌ని తలకిందులుగా తిప్పాడు. వేళ్ళతో పెద్దది చేసి చూశాడు. మళ్ళీ చూశాడు.

బాబాయి చప్పున పక్కకి తిరిగి పార్లర్‌కి ఫోన్ చేశాడు. ఆ అమ్మాయే ఎత్తింది.

“నీళ్ళలో మిగిలిపోయావమ్మా. నాదే తప్పు. ఇక్కడొకడు చూస్తున్నాడు.”

“చొక్కా ఏ రంగు?”

“ఖాకీ. ఎడమ చేతికి కడియం.”

ఫోన్ పెట్టేసిన చప్పుడు.

బాబాయి వెళ్ళి ఆ మనిషికి అడ్డంగా నిలబడ్డాడు. “ఏం బాబూ, బొమ్మ నచ్చిందా? మా మరదలే!” అన్నాడు.

“పైనున్నది మీ మరదలేమో పెద్దాయనా,” అన్నాడు వాడు నెమ్మదిగా. “కిందున్నది నా పెళ్ళాం.”

ఫ్లెక్సీ అడుగున పార్లర్ చిరునామా ఉంది. లారీ మీద నుంచి కూడా కనబడాలని పెద్ద అక్షరాలతో పెట్టింది బాబాయే. వాడు దాన్ని ఒక్కో మాటా కూడబలుక్కుని చదివాడు. బాబాయి వాడి చెయ్యి పట్టుకున్నాడు. వాడు విదిలిస్తే రోడ్డు మీద పడ్డాడు. లేచేసరికి వాడి లారీ కదిలిపోయింది.

పోలీసులకి ఫోన్ చేసి, కుంటుకుంటూ ఆటో ఎక్కుతుండగా యజమానురాలి ఫోన్ వచ్చింది.

“వెనక గుమ్మంలోంచి వెళ్ళిపోయింది బాబాయ్ గారూ. చెప్పులు కూడా వేసుకోలేదు. ఎక్కడికో నాకు చెప్పొద్దన్నాను.” ఆవిడ గొంతు తగ్గించింది. “తలుపుకి తాళం వేశాను. వాడొచ్చాడు. గాజుకి మొహం ఆనించి లోపల ఒక్కో కుర్చీనీ చూస్తున్నాడు.”

“మీరు లోపలి గదిలోకి వెళ్ళండమ్మా, పోలీసులు వస్తున్నారు.”

“అది కాదు,” అంది ఆవిడ. “ఇప్పుడు వాడు వెనక సందు వైపు వెళ్తున్నాడు.”