సున్నాకు ఎడమ పక్క

నూజివీటి మామిడి తోటల్లో కాయలు గంపలకెత్తే రేకుల షెడ్డు ఒకటుండేది. సాయంత్రం కూలీలు వెళ్ళిపోయాక బాలాత్రిపురసుందరి అక్కడ వాళ్ళ పిల్లలకు ట్యూషను చెప్పేది. ఎస్సెల్సీ ప్యాసైన మనిషి గడ్డిలో కూర్చుని లెక్కలు చెప్పడమేమిటని ఊరు నవ్వింది. నవ్వుకోనీ అనుకుని ఆమె ఇంకాస్త దిట్టంగా కూర్చుంది.

ఆ ఏడు ఆమె పట్టుదలంతా తోట కాపలా వీరయ్య కూతురు దుర్గ మీద. పిల్ల ఎనిమిదో క్లాసుతో హయ్యరెలిమెంటరీ ముగించింది. సోమవారం హైస్కూలు హెడ్మాస్టరు లక్ష్మీనరసింహారావు పిలిచి లెక్కలడుగుతాడు. చెప్తే ఫోర్తుఫారం, చెప్పలేకపోతే గంపల దగ్గర పని.

అన్నీ చెప్పే దుర్గ ఒక్క చోట మొండికేసేది.

"గంపలో కాయలన్నీ అయిపోయాక ఇంకేం తీస్తామండీ పంతులమ్మగారూ? సున్నా కిందేం ఉంటది, నా మొహం!"

"గంప సంగతి వదిలెయ్యవే. చలి సంగతి చూడు."

ఆ పూట సుందరి కార్బను పెట్టి పిల్లలందరికీ ఓ కాగితం తయారు చేసింది. అడ్డంగా ఒక గీత, మధ్యలో సున్నా. కుడివైపు ఒకటి, రెండు, మూడు. ఎడమవైపు అవే అంకెలు, ముందు మైనస్ గుర్తుతో. కుడికి నడిస్తే పెరుగుతుంది, ఎడమకు నడిస్తే తగ్గుతుంది. ఆ పక్కనే నిలువుగా థర్మామీటరు బొమ్మ. ఆస్పత్రి గోడ మీది థర్మామీటరు చూసొచ్చి పైన రాసింది: మన ఊరి ఎండ, నూటనాలుగు. కింద రాసింది: ఐసుగడ్డ, సున్నా. దాని కింద మైనస్ మెట్లు.

హైస్కూలుకు వెళ్ళి, పిల్లలు ఈ గీత గీసుకుని జవాబు చెప్పేందుకు ఒప్పుకోమని అడిగింది. హెడ్మాస్టరు కాగితం చూసి పొట్ట పట్టుకుని నవ్వాడు.

"ఏంటమ్మాయ్ ఇది? ఆస్పత్రిది ఫారెన్‌హీటు. అందులో ఐసు ముప్ఫై రెండు దగ్గరుంటుంది. సున్నా దగ్గరుండేది సెంటీగ్రేడులో. రెండూ ఒకే బొమ్మలో ఎక్కించావు!"

సుందరి మొహం ఎర్రబడింది. అయినా తల దించలేదు.

"తప్పేనండీ. నూటనాలుగు తీసేసి నలభై రాస్తాను. రెండూ ఒకటే ఎండ, కొలతలే వేరు."

"అసలా కాగితమే తీసేయ్. సూత్రం బట్టీ పట్టించు. కూలోళ్ళ పిల్లలకి బొమ్మలెందుకు?"

"బట్టీ పట్టింది మర్చిపోతారు మేస్టారూ. చూసింది మర్చిపోరు. తప్పు నాది, గీతది కాదు."

షెడ్డుకొచ్చి పిల్లల చేతుల్లో కాగితాలన్నీ వెనక్కి తీసుకుంది. తప్పెక్కడ చేసిందో వాళ్ళకే చెప్పి, నవ్వించి, అన్నీ మళ్ళీ రాసింది. సోడాకొట్టు నుంచి ఐసు తెప్పించి, నలగ్గొట్టి కుండలో వేసి ఉప్పు కలిపింది. కుండ బయట పట్టిన చెమ్మ తెల్లగా గడ్డకట్టింది.

"వట్టి ఐసు కరుగుతుంటే సున్నా. ఉప్పు పడితే దానికీ కిందకి పోతుంది. వేలు పెట్టి చూడు."

"అమ్మో! కొరుకుతందండీ!" దుర్గ వేలు నోట్లో పెట్టుకుంది. వేలు తీసి అంది: "అయితే మైనస్ మూడు కంటే మైనస్ ఐదుకి చలెక్కువ. మరి ఐదే పెద్దది కదండీ?"

"థర్మామీటరు చెప్పేది చలి కాదే, వేడి. ఏ మెట్టు పైనుంది?"

దుర్గ బొమ్మ మీద వేలు ఆడించింది. "మైనస్ మూడండీ. ఓస్, ఇంతేనా!"

సోమవారం వీరయ్య తలగుడ్డ చేత పట్టుకుని వరండాలో నిలబడ్డాడు. అతని వెనక తమ వంతు కోసం ట్యూషను పిల్లలు ఇంకా నలుగురు. లోపల హెడ్మాస్టరు అడిగాడు.

"మూడులోంచి ఎనిమిది తీస్తే?"

దుర్గ సుద్దముక్క తీసుకుని బోర్డు మీద పొడుగ్గా గీత గీసింది.

"గీత వద్దు. సూత్రం చెప్పు."

"గీసే చెప్తానండీ." మూడు దగ్గర వేలు పెట్టి ఎడమకు ఎనిమిది గడులు జరిపింది. "మైనస్ ఐదు."

"మైనస్ రెండుకి ఏడు కలిపితే?"

వేలు కుడికి నడిచింది. "ఐదండీ."

"మైనస్ ఐదు, మైనస్ మూడు. ఏది పెద్దది?"

సుందరి గుమ్మంలోంచి తొంగి చూసింది. దుర్గ ఈసారి బోర్డు వైపు చూడనేలేదు.

"మైనస్ మూడండీ. రెండూ చలే. దీనికి కాస్త తక్కువ."

హెడ్మాస్టరు కాగితం లాక్కుని దుర్గ పేరు రాశాడు.

"సరే, చేర్చుకుంటాం. ఆ గీత చెరిపేసి పో."

దుర్గ పంతులమ్మ వైపు చూసింది. సుందరి లోపలికొచ్చి పిల్ల చేతిలోని సుద్దముక్క తీసుకుని బల్ల మీద పెట్టింది.

"ఉండనివ్వండి మేస్టారూ. బయట ఇంకా నలుగురున్నారు."