ఆయా కోసం రాసిన కాగితం

నాకు అన్నిటికంటే పెద్ద భయం, నేను పనిలో ఉండగా మా చిట్టితల్లికి ఫిట్స్ రావడం. రేపటి నుంచి దాన్ని క్రెష్‌లో వదలాలి. అక్కడి ఆయా కోసం రెండు పేజీలు రాశాను. నా చదువు ఎనిమిదితోనే ఆగిపోయింది. తప్పులుంటే నవ్వుతారని పొద్దుటి నుంచి ఒత్తులు దిద్దుకుంటూ కూర్చున్నాను.

నర్సుగా చేసే మా వదిన వచ్చి చదివింది.

"ఒత్తుల సంగతి తర్వాత. ఇది ఎవరి కోసమే?"

"ఆయా కోసం వదినా. పిల్ల మీద జాలి కలగాలని..."

"అక్కడ పిల్ల కొట్టుకుంటుంటే ఆవిడ నీ పురిటి కథంతా చదవాలా? ఏం చెయ్యాలో రెండో పేజీ అడుగున పెట్టావు!"

దిద్దిన కాగితాలు పక్కన పడేసి, పెద్ద అక్షరాలతో కొత్తది రాశాను. దిద్దకుండానే వదినకి చూపించాను. "ఇదీ ఆవిడకి కావాల్సింది. ఇప్పుడు దిద్దుకో" అంది.

కొత్త కాగితంలో ఇలా ఉంది: "ఫిట్స్ వస్తే పాపని పక్కకి తిప్పి పడుకోబెట్టండి. నోట్లో ఏమీ పెట్టొద్దు. టైం చూడండి. ఐదు నిమిషాలు దాటితే అంబులెన్స్‌ని పిలవండి. తర్వాత నాకు ఫోన్ చెయ్యండి. నిద్రపోతున్నప్పుడు కూడా మధ్యమధ్యలో వెళ్లి పాపని చూస్తూ ఉండండమ్మా."