నారింజ డబ్బాలో వేలిముద్ర

మొగుడి చొక్కా కాలర్ మీద ముఖానికి రాసుకునే రంగు కనబడితే ఏ ఇల్లాలికైనా ఒళ్లు మండుతుంది. నాకు ఒళ్లు మండడంతో ఆగదు. అది ఏ రంగో, ఎలాంటి చర్మానికి నప్పేదో కూడా తెలిసిపోతుంది. పెళ్లికూతుళ్లకు మేకప్ చెయ్యడం నా పని మరి.

మా ఆయన సిటీ బస్సు డ్రైవరు. కొన్నాళ్ల కిందట ఆయన కళ్ల కింద నల్లగా దిగింది. ఏమిటండీ అంటే ఎండ అన్నారు. ఎండ కళ్ల కిందే కొడుతుందా? తరవాత అక్కడ బూడిద పూసినట్టు కనిపించింది. రక్తం తగ్గిందేమోనని రోజూ ఆకుకూరలు వండి పెట్టాను. ఆ తరవాత ఒక్కసారిగా ముఖం తేటపడింది, అప్పుడే స్నానం చేసి వచ్చిన పెళ్లికొడుకులా. ఈ వయసులో మగవాడి ముఖం ఊరికే తేటపడదు. ఎవరో ఉన్నారనే అనుకున్నాను.

బట్టలు నానబెట్టబోతుంటే కాలర్ మీద ఆ మరక దొరికింది. సబ్బు నీళ్లలో ముంచకుండా కిటికీ దగ్గరికి తీసుకెళ్లాను. ఇంట్లో బల్బు వెలుతురులో రంగు చూడకూడదు. పసుపు వెలుతురులో అన్నీ బంగారాలే. పగటి వెలుతురులో చూస్తే మరక ముదురు గోధుమ రంగు, లోపల ఎర్రటి జీర, అంచున కాస్త నారింజ.

నారింజ చూడగానే మరకను మళ్లీ వెలుతురుకి పట్టాను. అది పౌడరు పూసుకుని తిరిగే ఆడవాళ్లకు తెలిసిన రహస్యం కాదు. కళ్ల కింది నలుపు మీద దాన్ని కప్పే కన్సీలర్ క్రీము ఒక్కటే రాస్తే మన ఛాయవాళ్లకు బూడిద రంగు తేలుతుంది. షేడు లేతదైతే మరీను. అడుగున ఉన్న నీలం ఎక్కడికీ పోదు కదా. ముందు కరెక్టర్ అనే రంగు క్రీము అద్ది ఆ నీలాన్ని చంపాలి. తెల్లతోలు వాళ్లకు పీచ్ రంగు చాలు, చామనఛాయ ముదిరే కొద్దీ నారింజ కావాలి. అదీ నల్లగా ఉన్న చోటే, పల్చగా. ఆ పైన చర్మంలో కలిసిపోయే కన్సీలర్. అంటే ఆ మహాతల్లి ఎవరో పని తెలిసినదే!

నా పెట్టె తెచ్చి, ముదురు షేడులన్నిట్లోంచీ కాలర్ లోపలి వైపు ఒక్కో చుక్క పెట్టాను. ఆరాక కొన్ని ఇంకా ముదురుతాయి, అందుకని ఆగాను. ఒకటి అచ్చుగుద్దినట్టు కలిసింది. ట్యూబు ఎత్తి చూస్తే సగం ఖాళీ. ఈ మధ్య ఆ ఛాయ పెళ్లికూతురు నా కుర్చీలో కూర్చోనేలేదు.

నారింజ కరెక్టర్ డబ్బా మూత తీశాను. మధ్యలో గుంట, గుంటలో వేలిముద్ర. నేను డబ్బాలో వేలు పెట్టి ఎరగను. చిన్న పుల్లతో తీసుకుంటాను. నా సామాను, నా మొగుడు! రెండూ ఒక్కరికే దోచిపెడుతున్నాడన్నమాట. ఏడుపొచ్చింది. ఏడిస్తే కళ్లు ఉబ్బుతాయని మానేశాను.

అనుమానం ఎవరి మీదికి పోతుంది? ఆయన బస్సులో కండక్టరమ్మ ఉంది. ముదురు ఛాయ, నవ్వు ముఖం. నన్ను "వదినా" అంటుంది. అన్నా, వదినా అని పిలిచినంత మాత్రాన నమ్మేస్తామా? మీ తమ్ముడి పెళ్లికి నీకు ఏ షేడు నప్పుతుందో చూస్తాను రమ్మని కబురు పెట్టాను. పాపం, డ్యూటీ దిగి ఖాకీ బట్టలతోనే వచ్చింది.

నా మేకప్ షాపులో కిటికీ పక్కన కూర్చోబెట్టి ఆ ట్యూబులోది ఆమె దవడ అంచున గీత గీశాను.

"ఏంటి వదినా, చేతులు చల్లగా ఉన్నాయి?"

"ఏసీ" అన్నాను. నా షాపులో ఏసీ లేదు.

గీత ఆరింది. ఆమె మెడ పక్కన ఇటుకపొడి రాసినట్టు ఎర్రగా నిలబడిపోయింది. ముదురు ఇద్దరిదీ ఒక్కటే, లోపలి ఛాయే వేరు. ఈమెది బంగారు పసుపు. ఆ మరక మనిషిది ఎరుపు. ఈ రంగు పూసుకుని ఆమె బయటికి వస్తే బస్సులో సగం మంది నవ్వుతారు. ఆమె కాదు. నా బతుకులో అంత సిగ్గు ఎప్పుడూ వెయ్యలేదు.

"ఇది నీకు నప్పదు" అని తుడిచేశాను.

"నాకు నప్పకపోతే మానె గానీ వదినా, అన్న ఇంట్లో నిద్రపోతున్నాడా?"

"ఎందుకు?"

"నేను చెప్పానని అనకు. ఆమధ్య డిపోలో ఇన్‌స్పెక్టర్ ఆయన కళ్లు చూసి, మళ్లీ ఇలా వస్తే బస్సు ఇవ్వను, ఇంటికి పో అన్నాడు. తరవాత కళ్లు బాగానే ఉన్నాయి. కానీ సిగ్నల్లో ఆగితే తల వాలిపోతోంది. నిన్న నేను బెల్లు కొట్టి లేపాను. బస్సు నిండా జనం."

ఆమె వెళ్లాక ట్యూబు పట్టుకుని అలాగే కూర్చున్నాను. ముదురు ఛాయ, లోపల ఎరుపు. ఇన్నేళ్లుగా రోజూ పొద్దున్నే చూసే మెడ అది. ఊరందరి ఛాయా ఇట్టే చెప్పే దాన్ని, మొగుడిది పోల్చుకోలేకపోయాను. డ్రైవరు కన్సీలర్ రాసుకుంటాడని ఏ పెళ్లాం అనుకుంటుంది!

మర్నాడు పొద్దున్నే చప్పుడు చెయ్యకుండా లేచాను. వెనక వరండాలో అద్దం ముందు ఆయన నిలబడి ఉన్నారు. ఉంగరం వేలితో నారింజ అద్దుతున్నారు. రుద్దడం లేదు, అద్దుతున్నారు. నేను చేసేది చూసి నేర్చుకున్నట్టుంది. మొదట్లో ఉత్త కన్సీలర్‌తో బూడిద తేలితే కరెక్టర్ దాకా వచ్చారన్నమాట. చెమట పట్టినప్పుడు కాలర్‌తో కళ్లు తుడుచుకుని ఉంటారు.

వెనక నుంచి వెళ్లి ఆయన దవడ మీద ట్యూబుతో గీత గీశాను. గీత చర్మంలో కలిసిపోయి మాయమైంది.

ఆయన అద్దంలోంచి నన్ను చూశారు.

"ఎన్నాళ్ల నుంచి నిద్ర లేదు?" అన్నాను.

"ఒక చిన్నపిల్ల బస్సుకి అడ్డంగా పరిగెత్తింది. బ్రేకు పడింది. పిల్లకేం కాలేదు. వాళ్లమ్మ ఎత్తుకుని వెళ్లిపోయింది" అన్నారు డబ్బా మూత పెడుతూ. "కళ్లు మూస్తే మాత్రం బ్రేకు పడట్లేదే."

"నాకు చెప్పరా?"

"చెబితే మాన్పిస్తావు. స్టీరింగ్ పట్టుకోకపోతే నేనెవర్ని?"

పరాయి ఆడది లేదని ముందు ప్రాణం లేచొచ్చింది, నిజమే చెబుతున్నాను. మరుక్షణమే ఆ బస్సు నిండా జనం గుర్తొచ్చారు. ఆయన నా చేతిలో డబ్బా పెట్టారు.

"ఈ ఒక్కరోజూ నువ్వు వెయ్యి. నేను వేస్తే మరకలు కడుతోంది. నువ్వు వేస్తే ఇన్‌స్పెక్టర్ కాదు గదా, వాడి తాత కూడా పట్టుకోలేడు."

నిజమే. నేను వేస్తే ఎవరికీ తెలియదు. ఏడ్చి ఏడ్చి వచ్చిన పెళ్లికూతుళ్లను నవ్వుతూ పందిట్లోకి పంపిన చెయ్యి ఇది.

దూది నూనెలో ముంచి ఆయన కళ్ల కింద తుడవడం మొదలుపెట్టాను. నారింజ పోయింది, గోధుమ పోయింది. అడుగున నీలంగా, నల్లగా ఆయన ఇన్నాళ్ల మెలకువ బయటపడింది.

"ఇన్‌స్పెక్టర్ చూస్తాడే" అన్నారు చిన్నపిల్లాడిలా.

"చూడనీండి. అందుకే కదా ఆయన్ని అక్కడ కూర్చోబెట్టింది."

డిపోకి నేనూ వెళ్లాను. ఇన్‌స్పెక్టర్ ఆయన ముఖం ఒకసారి చూశాడు. డ్యూటీ వేరేవాళ్లకి వేసి, "డాక్టర్ సరే అన్నాక రావయ్యా, నీ బస్సు ఎక్కడికీ పోదు" అన్నాడు. మా ఆయన తల దించుకుని బయటికి వచ్చారు.

డాక్టర్ దగ్గరికి ఆయన బస్సులోనే ఎక్కాం. స్టీరింగ్ ముందు ఇంకెవరో. ఆయన కిటికీ పక్కన కూర్చుని కాసేపు రోడ్డు వంకే చూశారు, కుడికాలు బ్రేకు కోసం వెతుక్కుంటోంది. రెండో మలుపు దాటకముందే తల నా భుజం మీద వాలింది. వెంటనే గురక కూడా.

మేం దిగాల్సిన స్టాపు వచ్చింది. కండక్టరమ్మ మా వైపు చూసి దిగుతారా అని కళ్లతోనే అడిగింది. నేను తల అడ్డంగా ఊపాను. ఆమె బెల్లు తాడు చటుక్కున లాగకుండా, డ్రైవరు పక్కకు వెళ్లి మెల్లిగా "పోనియ్" అంది.