టేపు కింద బటన్

మదీనాగూడలో మేము కిరాయికి ఉండే గదిలో ఉన్నది పాత టీవీ. దాని వెనక హెచ్‌డీఎంఐ పోర్టు ఒక్కటే. కేబుల్ డబ్బా మూడు రంగుల వైర్లతో ఏవీ పోర్టుకు ఉంటుంది కనుక హెచ్‌డీఎంఐ ఎప్పుడూ ఖాళీయే. మాదాపూర్ ఆఫీసు నుంచి వస్తూ కొన్న స్ట్రీమింగ్ స్టిక్‌ను అందులో పెట్టి, పవర్ వైరును టీవీ యూఎస్‌బీకే గుచ్చాను. అయినా తెర మీద వార్తలే నడుస్తున్నాయి.

"ఏందే అఖిలా, గిది పనిచేస్తలేదా?" సెక్యూరిటీ డ్యూటీ దిగి వచ్చిన నాన్న అడిగాడు.

తీసి మళ్లీ పెట్టాను. మళ్లీ వార్తలే. ఒళ్లు మండిపోయింది. రిమోట్ అందుకుంటే సోర్స్ బటన్ మీది నల్లటేపు వేలికి తగిలింది. ఎనిమిదేళ్ల కిందట నేను దాన్ని నొక్కితే తెర నల్లబడింది. కేబుల్ అబ్బాయి వచ్చి బొమ్మ తెప్పించాక, ఆ రోజే నాన్న టేపు అంటించాడు. తర్వాత ఎవరూ ముట్టలేదు.

టేపు పీకి నొక్కాను. ఏవీ, హెచ్‌డీఎంఐ అని కనబడ్డాయి. హెచ్‌డీఎంఐ ఎంచుకోగానే స్టిక్ లోగో వెలిగింది, ఆరింది, మళ్లీ మొదటి నుంచి వెలిగింది.

"సూడు, మళ్ల ఖరాబ్ జేసినవ్!"

"జర ఆగు నాయినా! టీవీ ఇచ్చే కరెంటు దీనికి సాల్తలేదు."

స్టిక్‌తో వచ్చిన అడాప్టర్‌ను గోడ ప్లగ్గులో పెట్టాను. ఈసారి లోగో ఆరలేదు, సినిమాల బొమ్మలు వచ్చాయి.

"మరి నా వార్తలు?"

అదే బటన్ నొక్కి ఏవీ ఎంచుకున్నాను. వార్తలు వచ్చాయి.

నాన్న తెర వైపు, నా వేలికి అంటుకున్న టేపు వైపు చూశాడు.

"అయితే ఆనాడు నువ్వు నొక్కితే టీవీ ఖరాబ్ కాలేదా?"

"కాలే. ఏ వైరు లేని హెచ్‌డీఎంఐకి మారింది, గంతే."

"మరి నిన్నెందుకు కొట్టిన, బిడ్డా?"