పరుపు గట్టి వైపు

మిషనక్క నడుము గురించి ఆ ఇంట్లో అందరికీ ఒక అభిప్రాయం ఉంది. నొప్పి మాత్రం ఆమె ఒక్కదానికే ఉంది. వీధి గదిలో కుట్టుమిషను వేసుకుని చుట్టుపక్కల వాళ్ల బట్టలన్నీ కుడుతుంది కాబట్టి అందరూ ఆమెను అలా పిలుస్తారు. ఆ పిలుపంటే ఆమెకు ఇష్టం కూడా.

నిరుడు నడుం పట్టేస్తోందని అన్న పాపానికి, భర్త అన్నగారు, అంటే ఆమె బావగారు, కొత్త పరుపు కొనిచ్చాడు. ఊరికే కొనిచ్చి పోతే ఆయన బావగారెందుకవుతాడు? దాన్ని గోడకు నిలబెట్టి, పక్కన తాను నిలబడి, లేబుల్ మీద చెయ్యేసి ఫోటో దిగి, కుటుంబం గ్రూపులో పెట్టాడు. దగ్గరుండి మంచం మీద వేయించాడు. అరచేత్తో చరిచి చూసి, "పరుపు ఎంత గట్టిగా ఉంటే నడుముకి అంత మంచిదమ్మా" అని తీర్పు చెప్పాడు.

కొత్త వస్తువు ఏదొచ్చినా మాసిపోకుండా తొడుగు వేయడం ఆ ఇంటి అలవాటు. మిషనక్క ఆ సాయంత్రమే మందపాటి గుడ్డతో పరుపుకి తొడుగు కుట్టింది. జిప్పులు నాలుగు రోజులకే ఊడి చస్తాయని, పరుపు లోపల పెట్టి అంచులన్నీ మూసి కుట్టేసింది. అంత పనిమంతురాలు కాకపోయినా బాగుండేది. కుట్టు ఎంత గట్టిగా పడిందంటే, ఆ తర్వాత ఆ పరుపు మొహం ఎవరూ చూడలేదు.

నొప్పి తగ్గకపోగా పెరిగింది. ఆ సంగతి తెలియగానే బావగారు రెండో తీర్పు చెప్పాడు.

"ఇంత మంచి పరుపు మీద పడుకున్నా తగ్గలేదంటే తప్పు మిషనుదే. అది అమ్మేసి హాయిగా ఇంట్లో కూర్చో. ఆదివారం కొనే అతన్ని తీసుకొస్తా."

భర్త మంచివాడే. కాకపోతే అన్నయ్య ఎదుట ఆయన నోట్లో నాలుక ఉండదు. "అన్నయ్య మన మంచికే చెప్తాడు కదా" అని గొణిగి ఊరుకున్నాడు. మిషనక్కకు ఒళ్లు మండిపోయింది. నొప్పి ఆమెది, మిషను ఆమెది, బేరం మాత్రం బావగారిది!

మర్నాడే ఆమె ఫిజియోథెరపిస్టు దగ్గరికి వెళ్లింది. ఆవిడ ముందుకు వంచింది, వెనక్కి వంచింది, పడుకోబెట్టి కాళ్లు ఒక్కొక్కటే పైకెత్తింది. కాళ్లలో తిమ్మిరి, మంట లేవని తేల్చుకుంది.

"నొప్పి ఎప్పుడెక్కువ?"

"పొద్దున లేవగానే అమ్మా. గోడ పట్టుకుని నడుస్తాను. పనిలో పడ్డాక కాస్త నయం."

"పక్కకి తిరిగి పడుకుంటారా, వెల్లకిలానా?"

"ఎప్పుడూ పక్కకే."

"అయితే మిషను కంటే ముందు పరుపు సంగతి చూడాలి. ఏం పరుపు అది?"

మిషనక్క ఏడాదిగా దాని మీదే దొర్లుతోంది, పేరు తెలియదు. అప్పుడు గ్రూపులో ఫోటో గుర్తొచ్చింది. ఫోను తీసి చూపించింది. ఫోటోలో బావగారి చిరునవ్వు ఉంది, కొత్త చొక్కా ఉంది, లేబుల్ కూడా ఉంది. కానీ పేరు ఉన్న చోట ఆయన బొటనవేలుంది.

"మీ బావగారు వేలు కాస్త పక్కన పెట్టుకోవాల్సింది" అంది ఫిజియోథెరపిస్టు, ఫోటోని పెద్దది చేస్తూ. "ఈ నెలవంక గుర్తు కంపెనీది. అంతవరకూ తెలిసింది. కానీ ఒకే కంపెనీ గట్టివీ, మెత్తవీ, స్ప్రింగువీ అన్నీ చేస్తుంది. గుర్తు చూసి మంచిదా కాదా చెప్పలేం. పైన 'ఆర్థో' అని ఉంది చూశారా? అది అమ్మేవాళ్లు రాసుకునే మాట, డాక్టరు ఇచ్చిన సర్టిఫికెట్టేం కాదు. కింద సన్నక్షరాలు చూడాలి."

ఆవిడ కంపెనీ వెబ్‌సైటు తెరిచి ఫోటో పక్కన పెట్టుకుంది. ఫోటోలో పరుపుకి ఉన్నట్టే అంచుకు నీలం పట్టీ ఉన్నవి రెండే రకాలు. ఒకటి పూర్తిగా గట్టిది, పలచన. రెండోది మందం, రెండు రకాల ఫోముతో చేసింది. లేబుల్ మీద మందం అంకె చక్కగా కనిపిస్తోంది, రెండోదానితో సరిపోయింది. అంకె కింద బాణం గుర్తు సగం కూడా ఉంది.

"ఇది రెండు వైపులా వాడే పరుపులా ఉందండీ. ఒక వైపు బాగా గట్టి ఫోము, రెండో వైపు ఓ మోస్తరుది. మీకు ఏ వైపు పైకి వచ్చేలా వేశారు?"

మిషనక్కకు బావగారు అరచేత్తో చరచడం కళ్లముందు మెదిలింది.

"చాలామందికి మరీ గట్టిది కంటే ఓ మోస్తరుదే నడుముకి మేలు" అంది ఆవిడ. "అందులో మీరు సన్నటి మనిషి, పైగా పక్కకి పడుకుంటారు. గట్టిదాని మీద భుజం, తుంటి నొక్కుకుపోతాయి, నడుము కింద ఖాళీ ఉండిపోతుంది. అయినా ఫోటో చూసి ఖాయంగా చెప్పను. తొడుగు విప్పి బాణం చూడండి. మోకాళ్ల మధ్య దిండు పెట్టుకోండి. మిషను దగ్గర కూర్చున్నప్పుడు మధ్యమధ్య లేస్తుండండి. పరుపు మందు కాదు. కొన్ని వారాలకీ పొద్దుటి నొప్పి ఇలాగే ఉన్నా, కాళ్లు తిమ్మిరెక్కినా డాక్టర్ని కలవాల్సిందే."

ఇంటికి రాగానే మిషనక్క కత్తెర తీసుకుని మంచమెక్కింది. తన కుట్టును తానే తిట్టుకుంటూ పటపటా విప్పింది. భర్త పరుగున వచ్చాడు.

"ఏం చేస్తున్నావ్! అన్నయ్య చూస్తే?"

"చూడనివ్వండి. ఏడాది నుంచి మీ అన్నయ్య తీర్పు మీద పడుకున్నాను. ఇవాళ పరుపు మీద పడుకుంటాను. ఆ కొస పట్టుకోండి."

లేబుల్ బయటపడింది. 'గట్టి వైపు' అన్న మాట పక్కన బాణం నిక్షేపంగా పైకి చూపిస్తోంది. భర్త దాన్ని చదివాడు, మళ్లీ చదివాడు. ఆపైన కొస పట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి పరుపు తిరగేశారు.

ఆదివారం బావగారు, మిషను కొనే అతను వచ్చారు. తొడుగు లేని పరుపు చూసి బావగారు చెయ్యి పెట్టి నొక్కాడు. చెయ్యి కాస్త దిగింది. మొహం ఎర్రబడింది.

"తిప్పేశారా? నడుం విరిగి కూర్చుంటావు అమ్మాయ్!"

"లేబుల్ చూసే తిప్పాం బావగారూ. మీ ఫోటోలోదే."

ఆయన లేబుల్ వైపు కన్నెత్తలేదు. గడుసువాడు, దారి మార్చాడు.

"సరే, మరి నొప్పి పోయిందా? పోలేదా? అది చెప్పు."

గదిలో అందరూ ఆమె వైపే చూశారు. పోయిందంటే మిషను దక్కుతుంది. కానీ పోలేదు. గోడ పట్టుకోకుండా లేస్తోంది, అంతే. అబద్ధమాడి తన మిషను తాను దక్కించుకోవాల్సిన ఖర్మ ఏమిటని ఆమెకు ఉక్రోషం వచ్చింది.

"పోలేదు. కొంచెం తగ్గింది. రేపు పూర్తిగా తగ్గొచ్చు, తగ్గకపోవచ్చు. తగ్గకపోతే డాక్టరు దగ్గరికి వెళ్తాను. నా మిషను మాత్రం నేను అమ్మను. నొప్పి ఉన్నా అమ్మను, లేకపోయినా అమ్మను."

"విన్నావట్రా?" అన్నాడు బావగారు తమ్ముడితో.

"విన్నానన్నయ్యా" అన్నాడు భర్త. "మిషను తనది."

కొనే అతను ఇబ్బందిగా కదిలాడు. "అయితే నేను వెళ్లొస్తానమ్మా."

"ఉండండి" అంది మిషనక్క. "మీ చొక్కా భుజం దగ్గర కుట్టు ఊడింది. ఇలా ఇవ్వండి, నిమిషంలో వేసిస్తాను."

అతను బావగారి వైపు ఒకసారి చూసి, చొక్కా విప్పి ఆమె చేతికిచ్చాడు.