జాలీకి అవతలి చెయ్యి

ఫెర్రోసిమెంటు నీళ్ళ ట్యాంకుకి ఇనప తీగల జాలీ మీద సిమెంటు మాలు అద్దాలంటే ఇద్దరుండాలి. లోపల్నుంచి ఒకరు నొక్కితే, బయట ఇంకొకరు పలక అడ్డెట్టాలి. లేకపోతే మాలు అవతలకి జారిపోతాది. తిత్లీ తుపానులో మా ఆయన జోగయ్య పోయాక, ఆ పలక మరిది నాగబాబు పడతన్నాడు.

ఆవేళ కోటబొమ్మాళిలో నేను ట్యాంకు లోపల కూకుని నొక్కతన్నాను. అవతల పలక గట్టిగా ఆనుతోంది. ఒక్క ముద్ద కూడా జారలేదు.

"బాగా పట్టినావురా!" అన్నాను.

"ఏటి వదినా? ఇప్పుడే కదా ఇసక తెస్తన్నాను," దూరంగా రోడ్డు మీంచి అరిచాడు నాగబాబు.

నా చెయ్యి ఆగిపోయింది. ఆ తర్వాత ఒళ్ళు మండింది.

"బతికినన్నాళ్ళూ పిలిస్తే పలికినావా మావా?" అన్నాను జాలీతో. "ఎలాగూ వచ్చినావు. ఇంకో తట్ట మాలున్నాది, పట్టు."

నొక్కాను. మాలు జారలేదు.