ఎర్రచీటీ ట్రేలో నా తెల్లముద్ద

ఆసుపత్రి వంటగదిలో ఇరవై ఏళ్లుగా గరిట తిప్పుతున్నాను. ఇన్నేళ్లలో ఎవరి కడుపూ పాడుచెయ్యలేదు, నాది తప్ప. పొద్దున్నే గ్లాసుడు పాలు తాగానా, గంట తిరిగేలోపు పొట్టలో కచేరీ మొదలు. వంటగదిలో గ్యాస్ అయిపోయినా నా దగ్గర నిల్వ ఉంటుందని మా ఆవిడ ఎత్తిపొడుపు.

నెల కిందట మా డైటీషియన్, అంటే రోగుల్లో ఎవరేం తినాలో రాసిచ్చే అమ్మాయి, ఆ కచేరీ గుట్టు విప్పింది.

"పాలల్లో ఉండే చక్కెర పేరు లాక్టోజ్, మాస్టారూ. మన చిన్నపేగులో లాక్టేజ్ అనే ఎంజైమ్ దాన్ని విడగొడితేనే ఒంటికి పడుతుంది. పసితనంలో అది దండిగా ఉంటుంది. పెద్దయ్యే కొద్దీ చాలామందిలో తగ్గిపోతుంది. అరగని చక్కెర పెద్దపేగులోకి జారితే అక్కడి బ్యాక్టీరియాకి విందు. అవి తిని గ్యాస్ వదుల్తాయి. ఆపైన మీరు..."

"చాలమ్మా, ఆపైన అంతా నాకు అనుభవమే."

చక్కెరే చుక్కెదురని తేలాక లాక్టోజ్ లేని పాలకి, అంటే ఆ చక్కెరని ముందే విడగొట్టి అమ్మే పాలకి మారాను. కాస్త తియ్యగా ఉన్నా కచేరీ బంద్. ఆ పాలు నా పాలిట అమృతం. ఇక కనిపించిన ప్రతివాడికీ ఉపన్యాసమే. నా పాండిత్యంలో పాలుపంచుకోని మనిషి ఆసుపత్రిలో మిగల్లేదు.

ఆ ఊపులో ఉండగా మూడో అంతస్తు నుంచి ఎర్రచీటీ వచ్చింది. మా దగ్గర ఎర్రచీటీ అంటే అలర్జీ. చెయ్యి విరిగిన తొమ్మిదేళ్ల పాప. 'పాల అలర్జీ' అని ముత్యాల్లాంటి అక్షరాలు.

"పాపం, నా జాతే!" అనుకున్నాను. బంగాళదుంపలు ఉడకబెట్టి, నా అమృతం పోసి, వెన్నలా మెదిపాను. ఎర్రచీటీ ట్రేకి ఏమేం వేశామో వండినవాడే రాయాలని మా రూలు. 'బంగాళదుంప, ఉప్పు, లాక్టోజ్ లేని పాలు' అని గర్వంగా రాసి, ఒక కాగితం ట్రేలో పెట్టి, నకలు గోడకి గుచ్చాను. ట్రే పైకి వెళ్లిపోయింది.

పది నిమిషాలకి డైటీషియన్ వచ్చి నకలు చూసింది. ముఖం పాలిపోయింది. వెంటనే వార్డుకి ఫోన్ చేసింది. ఎంగేజ్.

"మాస్టారూ, పరిగెత్తండి! ఆ ముద్ద పాప నోట్లోకి పోకూడదు!"

ఇద్దరం పరుగున మెట్లెక్కుతుండగానే అడిగాను, "లాక్టోజ్ లేదు కదమ్మా?"

"విడగొట్టింది చక్కెరనే! ప్రోటీన్ అలాగే ఉంది. పాపకి పడనిది ఆ ప్రోటీనే. ఒంట్లో కాపలా కాసే రోగనిరోధక వ్యవస్థ దాన్ని శత్రువనుకుని మీద పడుతుంది. మీకు పొట్ట ఉబ్బుతుంది, తనకి గొంతు వాచి ఊపిరే ఆడకపోవచ్చు."

"బాగా మరిగించానే!"

"మరిగినా నమ్మలేం. మీరు మామూలు పాలు కొంచెం తాగినా ఏం కాదు. తనకి చెంచాకి అంటుకున్నది చాలు."

నాకింకేం పాలుపోలేదు. రొప్పుతూ మూడో అంతస్తు చేరాను.

పాప మంచం మీద కూర్చుని ఉంది. ట్రే మూత పెట్టే ఉంది. పక్కన వాళ్లమ్మ, చేతిలో నా కాగితం.

"ఇది రాసింది మీరేనా?"

"నేనేనమ్మా. ఏమైనా తిందా?"

"చీటీ చదవందే నేను మూత తియ్యను. రెండేళ్లప్పుడు ఒక్క బిస్కెట్ తిని నీలంగా అయిపోయింది. ఇంజెక్షన్ ఇచ్చి బతికించారు." ఆవిడ అరవలేదు. అరిచినా బాగుండేది.

"తప్పు నాదేనమ్మా. నా పొట్టకి పట్టిన రోగమే అందరికీ అనుకున్నాను."

"అమ్మా, ఆకలేస్తోంది," అంది పాప.

"మళ్లీ చేస్తాను. మీరొచ్చి చూడండి."

వాళ్లమ్మ వంటగదికి వచ్చి నిలబడింది. మళ్లీ దుంపలు ఉడికించాను. గరిట అందుకోబోతే, "అది ఇందాకటిదేనా?" అంది. నాకు నాలిక్కరుచుకోవడమే మిగిలింది. మెదిపే గిన్నె, నా చేతులు సబ్బుతో తోమి, గరిట మాత్రం కొత్తదే తీశాను. దుంపలు ఉడికిన నీళ్లు, నూనె, ఉప్పు. నూనె డబ్బా మీది చీటీ కూడా ఆవిడే చదివింది. నేను రాసిన కొత్త కాగితం మీద డైటీషియన్ సంతకం పెట్టింది.

పైన పాప ఎడంచేత్తో చెంచా తిప్పింది. నేను గుమ్మం దగ్గరే నిలబడిపోయాను.

"ఎలా ఉంది తల్లీ?"

"ఉప్పు తక్కువైంది."

జన్మలో మొదటిసారి ఆ మాట తియ్యగా వినిపించింది.